ఫంక్షన్‌కి రాలేనని చుట్టాలకి చెప్పే మెసేజ్: కార్డు చదవడం నుంచి గురువారం వెళ్లి రావడం దాకా

మా పిన్ని వాళ్లు నరసన్నపేటలో ఇల్లు కట్టుకున్నారు. పిన్నీ బాబాయీ బండి మీద విజయనగరం వచ్చి, అమ్మకీ నాకూ బొట్టు పెట్టి, మూలలకి పసుపు రాసిన గృహప్రవేశం కార్డు చేతిలో పెట్టి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ పిన్ని, "గుమ్మం దగ్గర బొట్టూ గంధం పని నీదేనమ్మా, ఇంకెవరికీ అప్పగించను" అంది. వారం తిరక్కుండా మా ఫ్యాక్టరీలో షిఫ్ట్ చార్ట్ వేశారు. నాది పైడిభీమవరం దగ్గర మందుల ఫ్యాక్టరీలో ల్యాబ్ ఉద్యోగం. ముహూర్తం వేళకి నేను డ్యూటీలో ఉన్నాను.

ఈ వ్యాసం ఆ ఒక్క సందర్భం గురించే. ఇంటికొచ్చి పిలిచిన దగ్గరి చుట్టానికి, డ్యూటీ వల్ల రాలేనని, అబద్ధం లేకుండా, మనసు నొప్పించకుండా రాసే మెసేజ్ గురించి. కార్డు వాట్సాప్‌లో పంపి ఊరుకున్న దూరపు చుట్టాలకి ఇంత అక్కర్లేదు, రెండు లైన్లు చాలు.

ముందు కార్డునీ షిఫ్ట్ చార్ట్‌నీ పక్కపక్కన పెట్టండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. పిన్ని కార్డులో "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం ఉదయం గం. 4.37 ని.లకు" అని ఉంది. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి తెల్లవారుజాము ముహూర్తాన్ని అలా రాస్తారు. గడియారం ప్రకారం అది ఆదివారం. షిఫ్ట్ చార్ట్‌లో మాత్రం అది శనివారం సి షిఫ్ట్, అంటే శనివారం రాత్రి పదింటికి ఎక్కి ఆదివారం పొద్దున్న ఆరింటికి దిగేది. మా ల్యాబ్‌లో ఒకబ్బాయి ఇలాంటి కార్డే చూసి, "శనివారం" అన్న మాట పట్టుకుని, శుక్రవారం రాత్రి షిఫ్ట్ మార్చుకుని ఒకరోజు ముందే పెళ్లివారింటికి చేరాడు. అక్కడ ఇంకా పందిరి రాటలు పాతుతున్నారు.

తరవాత మిగతా రోజు చూడండి. నాకు శనివారం సి షిఫ్ట్ ఒక్కటే అయితే ఆరింటికి దిగి భోజనాల వేళకి వెళ్లిపోయేదాన్ని. కానీ సోమవారం తనిఖీ ఉండడంతో ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మళ్లీ బి షిఫ్ట్ వేశారు. పైడిభీమవరం నుంచి నరసన్నపేటకి హైవే మీద గంట పైనే పడుతుంది, బస్సు కోసం చూసే టైమ్ వేరే. కాగితం మీద చూస్తే వెళ్లి, తిని, తిరిగి రావచ్చు. రాత్రంతా నిద్ర లేకుండా అలా చేసి ల్యాబ్‌లో నిలబడితే ఏం రాస్తానో నాకే తెలియదు. ఈ లెక్క ఇప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే అవతలి వాళ్లు కూడా ఇదే లెక్క వేస్తారు. "ముహూర్తానికి కాకపోతే భోజనానికైనా రా" అన్న మాట ఖాయంగా వస్తుంది.

మూడోది, అడగాల్సిన వాళ్లని నిజంగా అడగండి. పిన్ని నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న "సెలవు అడిగావా?" అడక్కుండా "సెలవు ఇవ్వలేదు" అని రాశారో, అది మావైపు నిలబడే అబద్ధం కాదు. పిన్ని వాళ్ల వీధిలోంచే ముగ్గురు మా ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతారు. నేను సెలవు అడిగాను, తనిఖీ వారం కాబట్టి కాదన్నారు. షిఫ్ట్ మార్చుకోమని ఇద్దర్ని అడిగాను. ఒకమ్మాయికి అదే రోజు సొంతింట్లో అన్నప్రాసన. ఇంకొకతను అప్పటికే అదే షిఫ్ట్‌లో ఉన్నాడు. మెసేజ్‌లో "అడిగాను, కుదర్లేదు" అన్న రెండు మాటలకి బలం అక్కడి నుంచే వచ్చింది.

మీకు అక్కడ పనేమైనా ఉందా?

చుట్టాలందరి గైర్హాజరీ ఒకటి కాదు. అతిథిగా వెళ్లేవాళ్లు రాకపోతే ఒక విస్తరి తగ్గుతుంది, అంతే. తంతులో చెయ్యి వెయ్యాల్సినవాళ్లు రాకపోతే పని ఆగుతుంది. మేనకోడలి పెళ్లికి మేనమామ, అన్నదమ్ముల గృహప్రవేశానికి పాలు పొంగించాల్సిన ఆడపడుచు, ఇలాంటి వరసల్లో ఉంటే మెసేజ్ సరిపోదు. అక్కడ మాత్రం నా సలహా, ఉద్యోగంలోనే గట్టిగా పోట్లాడండి, జీతం కోతకైనా ఒప్పుకోండి. ఇంకా కుదరకపోతే ముహూర్తం ఖాయం చేయకముందే మనిషి ఎదురుగా వెళ్లి చెప్పాలి.

నాది ఈ రెంటికీ మధ్య. బొట్టూ గంధం పని తంతు కాదు, కానీ పిన్ని నోరు తెరిచి నాకే అప్పగించింది. అందుకని మెసేజ్ రాయకముందే మా చెల్లిని అడిగాను, నా బదులు గుమ్మం దగ్గర నువ్వు నిలబడతావా అని. అది సరే అన్నాకే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. "ఎవరైనా చూసుకుంటారులే" అని రాయడం, అప్పగించిన పనిని చిన్నది చేయడమే.

డ్యూటీ తేదీలు ఏడాది ముందే తెలిసే ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి. బ్యాంకు వాళ్లకి మార్చి ఆఖరు, ఆర్టీసీ వాళ్లకి సంక్రాంతి, విజయనగరంలో పోలీసులకి, కరెంటు వాళ్లకి సిరిమాను. ఫాల్గుణ మాసం ముహూర్తాలు చాలా ఏళ్లు మార్చిలోనే పడతాయి కాబట్టి బ్యాంకు ఉద్యోగి ఉన్న ఇంట్లో ఈ పేచీ దాదాపు ఏటా వచ్చేదే. అలాంటివాళ్లు కార్డు వచ్చేదాకా ఆగకూడదు. పంతులు దగ్గరికి వెళ్తున్నామని చెప్పిన రోజే "ఫలానా వారం నాకు కదలడం ఉండదు" అని ఒక మాట వేసి ఉంచాలి. ముహూర్తం మన కోసం మార్చరు, మార్చమని అడగకూడదు కూడా. కానీ తరవాత పంపే మెసేజ్ వాళ్లకి పిడుగులా తగలదు.

ఫోనా, మెసేజా?

ఇంటికొచ్చి బొట్టు పెట్టినవాళ్లకి మెసేజ్ పంపడం మర్యాద కాదని అమ్మ వాదన. ఆ మాటలో నిజముంది. కానీ ముందు ఫోన్ చేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. మూడేళ్ల క్రితం బొబ్బిలిలో పెదనాన్న కూతురి ఓణీల ఫంక్షన్. రాలేనని చెబుదామనే ఫోన్ చేశాను. పెద్దమ్మ "అదేం కుదరదు, నువ్వు రాకపోతే ఎలా" అనగానే నా నోటివెంట వచ్చిన మాట, "సరే పెద్దమ్మా, చూస్తాను." చూసేదేమీ లేదని నాకు తెలుసు. పెద్దమ్మ మాత్రం దాన్ని వస్తాననే అనుకుంది. ఫొటోల వేళ "అది వస్తుంది, పది నిమిషాలు ఆగండి" అని అందర్నీ నిలబెట్టిందట. ఆ పది నిమిషాల సంగతి ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా ఎవరో ఒకరు ఎత్తుతారు.

అందుకే నా పద్ధతి ఇది. ముందు మెసేజ్, మర్నాడు ఫోన్, ఆ ఫోన్ ఎప్పుడు చేస్తానో మెసేజ్‌లోనే చెప్పడం. మెసేజ్‌లో "రాలేను" అన్న మాట కరిగిపోదు. పిన్ని దాన్ని చదువుకుని, బాబాయికి చెప్పి, కాస్త విసుక్కుని, తేరుకునే టైమ్ దొరుకుతుంది. ఫోన్‌లో మాట్లాడేది తేరుకున్న పిన్నితో.

చదవడం ఇబ్బందైన పెద్దవాళ్లకి ఇదే మాటలని వాయిస్ మెసేజ్‌గా పంపండి. కాగితం మీద రాసుకుని చదివితే న్యూస్ చదివినట్టు ఉంటుంది, ఒకటికి రెండుసార్లు అనుకుని మామూలుగా మాట్లాడండి. టైప్ చేస్తే తెలుగు అక్షరాల్లోనే చేయండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే రాను, రానూ, రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ మెసేజ్‌లో అసలు విషయమే ఆ మాట.

చార్ట్ వచ్చిన మర్నాడే పంపండి. వంటవాళ్లకి ఎన్ని ఆకులో చెప్పేది రెండు మూడు రోజుల ముందు, అప్పటికి మీ పేరు లెక్కలోంచి తీసేసి ఉండాలి. పొద్దున్నే లేచేసరికి చూసేలా వద్దు. దీపాల వేళ కాదనే మాట చెప్పకూడదని మా అమ్మ పట్టింపు. నేను మధ్యాహ్నం భోజనాలయ్యాక, మూడింటి ప్రాంతంలో పంపాను. ఇంట్లో అమ్మకి ముందే చెప్పాను కానీ, నా మెసేజ్ వెళ్లేదాకా పిన్నికి చెప్పొద్దని మాట తీసుకున్నాను. అక్కచెల్లెళ్లు రోజుకి రెండుసార్లు మాట్లాడుకుంటారు. మన కబురు మనకంటే ముందు చేరితే మెసేజ్ ఎంత బాగా రాసినా దండగ. ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. ఒకరు రావట్లేదంటే ఇంకో నలుగురు "మాకూ కుదరట్లేదు" అని వరసగా మొదలుపెడతారు, పిలిచిన మనిషికి అది చూడ్డం ఎంత కష్టమో ఆలోచించండి.

రాను, రాలేను, రాలేకపోతున్నాను

ఇక మాటల దగ్గరికి వద్దాం. "రాను" అంటే రావడం ఇష్టం లేదని. కోపంలో ఉన్నవాళ్లు వాడేది. "రావడం కుదరకపోవచ్చు", "ట్రై చేస్తాను", "చూస్తాను", ఇవన్నీ అవతలి వాళ్ల చెవిలో వస్తానన్నట్టే పడతాయి. "రాలేను" సూటిగా ఉంటుంది, తోటివాళ్లకి, బావలకి, వదినలకి బాగుంటుంది. పెద్దవాళ్లకి మాత్రం "రాలేకపోతున్నాను" అని రాయండి. తేలిపోయిన విషయం అన్న సంగతీ అందులో ఉంది, నాకూ బాధగానే ఉంది అన్న సంగతీ ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ బాధ గురించి వేరే వాక్యాలు రాయక్కర్లేదు.

ఇంకో చిన్న చిక్కు. మనం సెలవు తీసుకునేటప్పుడు "వెళ్తాను" అనం, "వస్తాను" అంటాం. అలవాటుగా మెసేజ్ చివర "మరి వస్తాను పిన్నీ" అని పెడితే పైన రాసిందంతా ఏమైనట్టు? "ఉంటాను" అని ముగించండి.

మొదట నేను రాసిన చిత్తు ఇలా ఉంది:

"పిన్నీ, ఏమీ అనుకోవద్దు. నాకు చాలా బాధగా ఉంది. ఆఫీసులో చాలా ప్రెజర్ ఉంది, మా మేనేజర్ అస్సలు ఒప్పుకోవట్లేదు, తనిఖీ ఉంది, ఒంట్లో కూడా బాలేదు. వీలైనంత వరకు రావడానికి ప్రయత్నిస్తాను. రాలేకపోతే క్షమించు. ఫంక్షన్ బాగా జరగాలని కోరుకుంటున్నాను."

పంపకుండా చెరిపేశాను. ఇందులో కారణాలు నాలుగు ఉన్నాయి, అన్నీ నిజమే కావచ్చు, కానీ నాలుగు చెబితే ఒక్కటీ నమ్మరు. వస్తున్నానో లేదో చివరిదాకా తేలదు. పైగా అందులో పిన్ని ఇల్లు ఎక్కడా లేదు, అంతా నా కష్టాలే. "ఫంక్షన్" అన్న మాట తీసేసి "మీటింగ్" అని పెట్టినా మెసేజ్ మారదు.

చివరికి పంపింది ఇది:

"పిన్నీ, నువ్వూ బాబాయీ వచ్చి కార్డు ఇచ్చి వెళ్లిన దగ్గర్నుంచీ మీ ఇల్లే కళ్లలో మెదులుతోంది. పునాది తీసిన రోజు నువ్వు పంపిన ఫొటో ఇంకా నా ఫోన్లో ఉంది. కానీ గృహప్రవేశానికి నేను రాలేకపోతున్నాను పిన్నీ. ముహూర్తం వేళకి నాకు సి షిఫ్ట్ పడింది. ఆరింటికి దిగి, మళ్లీ మధ్యాహ్నం రెండింటికే ఎక్కాలి. సోమవారం తనిఖీ. సెలవు అడిగాను, షిఫ్ట్ మార్చుకోమని ఇద్దర్ని అడిగాను, కుదర్లేదు. భోజనానికైనా రమ్మంటావని తెలుసు. రాత్రంతా మేలుకుని అంత దూరం వచ్చి తిరిగి డ్యూటీ ఎక్కడం నా వల్ల కాదు. అమ్మా, చెల్లీ శనివారం సాయంత్రానికే వచ్చేస్తారు. నువ్వు నాకు అప్పగించిన బొట్టూ గంధం పని చెల్లికి చెప్పాను, అది దగ్గరుండి చూసుకుంటుంది. ఆ తరవాతి గురువారం నాకు ఆఫ్. పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉంటాను, ఇల్లంతా నువ్వే తిప్పి చూపించాలి. రేపు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తా. తిట్టాలనుంటే అప్పుడు తిట్టు. ఉంటాను."

మొదటి రెండు వాక్యాలు వాళ్ల ఇంటివి. పొగడ్త కాదు, నాకూ పిన్నికీ మాత్రమే తెలిసిన ఒక వివరం. మీ సందర్భంలో అది ఇంకోటి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. దొరకకపోతే "చాలా సంతోషం పిన్నీ" అని ఒక్క మాట చాలు, లేని ఆపేక్ష కల్పించి రాయొద్దు. మూడో వాక్యంలోనే అసలు మాట వచ్చేసింది. దాన్ని ఇంకా కిందికి తోస్తే చదివేవాళ్లకి టెన్షన్, ఏం చెప్పబోతోందో అని. కారణం ఒక్కటే, షిఫ్ట్. మేనేజర్ మీద నింద లేదు. నింద వేస్తే బాబాయి "మీ మేనేజర్ నంబర్ ఇవ్వు, నేను మాట్లాడతా" అంటాడు, నిజంగా మాట్లాడతాడు కూడా. భోజనం సంగతి వాళ్లు అడగకముందే నేనే ఎత్తాను, లేకపోతే దాని మీద ఇంకో మూడు మెసేజ్‌లు నడిచేవి. గురువారం అన్నది రోజుతో సహా తేల్చిన మాట. "తీరిక చూసుకుని వస్తాను" అంటే ఎప్పటికీ రానని అందరికీ తెలుసు.

పిన్నితో "నువ్వు" అంటాను కాబట్టి ఆ మెసేజ్‌కి అంత చనువు. అత్తవారి వైపు ఈ తిట్టడాలూ అవీ పనికిరావు. మీరు అని, క్లుప్తంగా, కాస్త వంగి రాయాలి. మా ఆడపడుచు అత్తగారికి ఒకసారి ఇలా రాశాను:

"అత్తయ్య గారూ, నమస్కారం. మీరు స్వయంగా వచ్చి పిలిచినందుకు చాలా సంతోషం. ఆ రోజు నాకు డ్యూటీ ఉండి సీమంతానికి రాలేకపోతున్నాను. ఆయన, పిల్లలు తప్పకుండా వస్తారు. వదిన పుట్టింటికి వచ్చాక నేను వెళ్లి చూసి వస్తాను. ఉంటానండి."

ఇంట్లోంచి ఎవరు వస్తున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. అత్తవారి వైపు వాళ్లు కొలిచేది నన్ను కాదు, మా ఇంటిని.

జవాబు వచ్చాక

పిన్ని దగ్గర్నుంచి గంట తరవాత వచ్చిన జవాబు: "సరేలేమ్మా. ఉద్యోగం కదా. చూసుకో, వీలైతే రా."

ఇందులో రెండు సంగతులున్నాయి. "సరేలే" అన్నదాంట్లో నొచ్చుకోవడం ఉంది. దానికి మళ్లీ కారణాలు చెప్పడం మొదలుపెట్టకండి, రెండోసారి చెప్పిన కారణం సాకులా వినిపిస్తుంది. "వీలైతే రా" అన్నది తెరిచి ఉంచిన తలుపు. దానికి ఊఁ కొడితే బొబ్బిలి కథే. నేను, "వీలవదు పిన్నీ, ఆకుల లెక్కలో నన్ను వేయకు. గురువారం మాత్రం నాకు నీ చేతి పులిహోర కావాలి" అని పెట్టాను. జవాబే రాకపోతే, బ్లూ టిక్కులు పడి ఊరుకుంటే, ఇంకో మెసేజ్ వద్దు. చెప్పిన టైమ్‌కి ఫోన్ చేయండి. ఎత్తకపోతే బాబాయికి చేయండి.

ఎనిమిదింటికి చేశాను. ఐదు నిమిషాలు తిట్టింది. తరవాత టైల్స్ గురించి ఇరవై నిమిషాలు చెప్పింది. ఆ ఇరవై నిమిషాలూ వినడం కూడా ఇందులో భాగమే, మధ్యలో "డ్యూటీకి టైమవుతోంది" అనకూడదు.

చదివింపు అమ్మతో కవర్లో పంపాను, మీద నా పేరు రాసి. వెళ్లి ఉంటే ఎంత చదివించేదాన్నో అంతే, వెయ్యి నూటపదహార్లు. రానందుకు జరిమానాలా ఎక్కువ వేస్తే అదీ గుర్తుపడతారు. ఫోన్లో డబ్బు కొట్టి పంపడం నాకు నచ్చదు, కరెంటు బిల్లు కట్టినట్టు ఉంటుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి తప్పదనుకోండి, అప్పుడైనా ఇంట్లో ఒకరితో పుస్తకంలో పేరు రాయించాలి.

ముహూర్తం వేళకి శుభాకాంక్షలు పంపలేనని కూడా ముందే చెప్పి ఉంచాను. మాకు ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, లాకర్లో పెట్టి వెళ్లాలి. ఆరుంబావుకి బయటికొచ్చి "పాలు పొంగాయా పిన్నీ?" అని ఒక్క లైన్ పెట్టాను. ఆ రోజు స్టేటస్ ఏమీ పెట్టకండి, టీ కప్పు ఫొటో కూడా. డ్యూటీ అని చెప్పిన మనిషి ఏం పెట్టినా చుట్టాలు పెద్దది చేసి చూస్తారు.

గురువారం ఏం అడ్డొచ్చినా ఆపకూడదు. నాకు ఆ ఉదయం వర్షం, అయినా ఏడింటి బస్సు ఎక్కాను. పిన్ని గుమ్మంలోనే ఆపి గంధం గిన్నె తెచ్చి, "ఆ రోజు నువ్వు అందరికీ పెట్టాల్సింది, ఇవాళ నేను నీకు పెడతాను" అని మెడకి రాసింది. ఇల్లంతా తిప్పింది, స్విచ్చులన్నీ వేసి చూపించింది. పులిహోర తింటుంటే బాబాయి చదివింపుల పుస్తకం తెచ్చి నా పేరున్న పేజీ తీశాడు. పేరుకి ఎదురుగా 1116, దాని పక్కన ఆయన చేతిరాతతో "సి షిఫ్ట్" అని ఉంది.